తగరమా, సీసమా? ఒక లోహపు ముద్ద విశిష్టోష్ణం కనుక్కున్న వారం రోజుల డైరీ

ఆదివారం

పదో తరగతి భౌతికశాస్త్రంలో "ఉష్ణం" పాఠం అయ్యాక బడిలో ఒక ప్రాజెక్టు చెయ్యమన్నారట. మా అమ్మాయి ఎంచుకున్నది: తెలియని లోహం ఇచ్చి, దాని విశిష్టోష్ణం కనుక్కుని, అది ఏ లోహమో చెప్పడం. ఆ తెలియని లోహం ఎక్కడ దొరుకుతుందా అని వెతకాల్సిన పని పడలేదు. మా మామయ్యగారి ఇనప్పెట్టెలో పాత శానాలు, సుత్తి, కొలబద్దలతో పాటు ఒక బూడిదరంగు లోహపు బిళ్ళ ఉంది. ఇటుక ముక్కలా ఉంటుంది, సుమారు 5 సెంటీమీటర్ల పొడవు, 3 వెడల్పు, మందం రెండుకి కొంచెం తక్కువ. చేతిలోకి తీసుకుంటే బరువు తెలుస్తుంది. అయస్కాంతానికి అంటుకోలేదు. ఆయన మాత్రం చేతిలో బరువు చూసి "అది తగరమే, కళాయి వెయ్యడానికి తెచ్చుంటారు" అన్నారు. మా ఆయన పట్టుకుని చూసి సీసం అన్నాడు. ఇద్దరిలో ఎవరిది నిజమో తేల్చాలన్న పట్టుదల అమ్మాయికి అప్పుడే పుట్టింది.

పాఠంలోని సూత్రం సులువే. వేడి లోహాన్ని చల్లటి నీళ్ళలో వేస్తే లోహం కోల్పోయిన ఉష్ణాన్ని నీళ్ళు గ్రహిస్తాయి. రెండూ సమానం అనుకుని సమీకరణం రాస్తాం. ఒక వస్తువు ఇచ్చే లేదా తీసుకునే ఉష్ణం Q = m × c × ΔT. ఇక్కడ m ద్రవ్యరాశి, c విశిష్టోష్ణం, ΔT ఉష్ణోగ్రతలో తేడా. నీటికి c విలువ 4.18 అని తెలుసు, అంటే ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 4.18 జౌళ్ళు కావాలి. లోహానిది ఒక్కటే తెలియదు.

కెలోరీమీటరుగా ఒక స్టీలు గ్లాసు తీసుకున్నాం. కొత్త మిక్సీ వచ్చినప్పటి థర్మాకోల్ పెట్టెలో గ్లాసు పట్టేలా గుంట చేసి, పైన అట్టముక్క మూత పెట్టాం. త్రాసు మాత్రం వంటింటిది కాదు, 0.1 గ్రాము దాకా చూపించే చిన్న బ్యాటరీ త్రాసు. లోహం 186.4 గ్రాములు తూగింది.

లోహాన్ని దారంతో కట్టి మరుగుతున్న నీళ్ళలో పది నిమిషాలు ఉంచాం. గ్లాసులో 300 గ్రాముల నీళ్ళు, 27 డిగ్రీలు. వేడి లోహాన్ని ఎత్తి గ్లాసులో దింపి, కలిపి చూశాం. ఎర్ర ద్రవం ఉన్న పాత థర్మామీటరు, ఒక్కో గీత ఒక్కో డిగ్రీ. ద్రవం 30కీ 31కీ మధ్య నిలిచింది. 30 అన్నాను నేను, 31 అంది అమ్మాయి.

ఆ ఒక్క గీత తేడా ఎంత దూరం పోతుందో లెక్కేసి చూస్తే కానీ తెలియలేదు. పెరుగుదల 3 డిగ్రీలైతే లోహం విశిష్టోష్ణం 0.30 వస్తుంది. 4 డిగ్రీలైతే 0.40. మొత్తం పెరుగుదలే మూడు నాలుగు డిగ్రీలు ఉన్నప్పుడు అర డిగ్రీ అనుమానం కూడా జవాబుని మార్చేస్తుంది. నీళ్ళు ఎక్కువ పోసుకోవడమే తప్పు. నీటికి ఉష్ణాన్ని దాచుకునే గుణం ఎక్కువ కాబట్టి, నీళ్ళు ఎంత ఎక్కువుంటే ఉష్ణోగ్రత అంత తక్కువ కదులుతుంది.

ఇంకో గొడవ కూడా వచ్చింది. మరుగుతున్న నీళ్ళలో థర్మామీటరు 98 దగ్గరే ఆగిపోయింది. "అమ్మా, ఇది పాడైపోయింది, 100 చూపించాలి కదా" అంది. ముందు ఐసు ముక్కలు కరుగుతున్న నీళ్ళలో పెట్టి చూశాం, సున్నా చూపించింది. థర్మామీటరు బాగానే ఉంది. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఎత్తున ఉంది. గాలి పీడనం తక్కువ, అందుకే మా ఇంట్లో నీళ్ళు 98 దగ్గరే మరుగుతాయి. పుస్తకంలోని 100 వేసి లెక్క చేసి ఉంటే జవాబు 3 శాతం దాకా తగ్గిపోయేది. విశాఖపట్నంలో సముద్రం పక్కన ఉన్నవాళ్ళకి ఈ బాధ లేదు.

సోమవారం రాత్రి

0.1 డిగ్రీ దాకా చూపించే డిజిటల్ థర్మామీటరు, పొడవాటి పుల్లలాంటి ప్రోబ్‌తో, ఆఫీసు నుంచి వస్తూ కొన్నాను. మరుగుతున్న నీళ్ళలో 98.2 చూపించింది. గ్లాసులో నీళ్ళు 120 గ్రాములకు తగ్గించాం. లోహాన్ని అడ్డంగా పడుకోబెడితే మునుగుతుంది, అంతకన్నా తగ్గిస్తే పైభాగం బయటే ఉండిపోతుంది.

మూడుసార్లు చేశాం. నీళ్ళు మూడుసార్లూ 27.2 దగ్గరే మొదలయ్యాయి. మొదటిసారి 35.6కి, రెండోసారి 35.2కి, మూడోసారి 35.9కి చేరాయి. మొదటిదాని లెక్క ఇది:

నీళ్ళు గ్రహించిన ఉష్ణం = 120 × 4.18 × 8.4 = 4213 జౌళ్ళు
లోహం చల్లబడింది = 98.2 − 35.6 = 62.6 డిగ్రీలు
c = 4213 ÷ (186.4 × 62.6) = 0.361

మిగతా రెండూ 0.342, 0.376. సగటు 0.36.

పట్టిక తెరిచి చూశాం. సీసానిది 0.13, తగరానిది 0.23. రెండూ చాలా దూరం. సీసమైతే నీళ్ళు మూడు డిగ్రీలు, తగరమైతే ఐదున్నర డిగ్రీలు పెరిగితే ఎక్కువ. మనకి ఎనిమిది పైన పెరిగాయి. ఇంట్లో మగవాళ్ళ అంచనాలు రెండూ పోయాయి. ఇనుము 0.45, అల్యూమినియం 0.90. రాగి, జింకు 0.39 దగ్గర. 0.36కి మాత్రం సరిగ్గా ఎవరూ లేరు. "దగ్గర్లో ఉన్న 0.39 రాసేస్తే?" అంది. అలా రాస్తే అది కొలత కాదు, పట్టికని చూసి జవాబు ఎంచుకోవడం. పైగా ఒకే లోహం, ఒకే గ్లాసు, ఒకే మనుషులు, అయినా 0.342 నుంచి 0.376 దాకా ఎందుకు ఊగింది?

బుధవారం

ఊగడం సంగతి తర్వాత. ముందు మూడు కొలతలూ తక్కువగానే రావడానికి ఒక కారణం కళ్ళ ముందే ఉంది. గ్లాసు కూడా వేడెక్కింది కదా! లోహం ఇచ్చిన ఉష్ణంలో కొంత గ్లాసు తీసుకుంది, ప్రోబ్ కాస్త, కలిపిన చెంచా కాస్త. మనం నీళ్ళ వాటా మాత్రమే లెక్కేశాం.

గ్లాసు 62 గ్రాములు. స్టీలు విశిష్టోష్ణం సుమారు 0.50 కాబట్టి గ్లాసు ఒక డిగ్రీ పెరగడానికి 31 జౌళ్ళు అని కాగితం మీద తేలిపోతుంది. కానీ చెంచా, ప్రోబ్, థర్మాకోల్ లోపలి పొర ఎంత తీసుకుంటాయో కాగితం చెప్పదు. అందుకని అన్నీ కలిపి ఒకేసారి కొలిచాం. పద్ధతి ఇదీ: గ్లాసులో 60 గ్రాముల చల్లటి నీళ్ళు, ఇంకో పాత్రలో వేడి నీళ్ళు. వేడి నీళ్ళ ఉష్ణోగ్రత పోసే క్షణంలోనే చూడాలి. ఎన్ని గ్రాములు పోశామన్నది పోశాక మొత్తం తూచి తీసివేతతో తెలుసుకోవాలి, ఎందుకంటే పోసేటప్పుడు పాత్రకి నీళ్ళు అంటుకుని మిగిలిపోతాయి.

చల్లటివి 27.3, వేడివి 60 గ్రాములు 62.4 డిగ్రీలు. గ్లాసుకి ఏ వాటా లేకపోతే కలిశాక సరిగ్గా మధ్యలో, 44.8 దగ్గర ఆగాలి. 43.7 దగ్గర ఆగింది. వేడి నీళ్ళు కోల్పోయింది 4690 జౌళ్ళు, చల్లటి నీళ్ళు గ్రహించింది 4113. మిగిలిన 577 జౌళ్ళు గ్లాసు బృందానివి. వాళ్ళు 16.4 డిగ్రీలు పెరిగారు, అంటే డిగ్రీకి 35 జౌళ్ళు. మరో రెండుసార్లు చేస్తే 29, 38 వచ్చాయి. ఇక్కడ 0.1 డిగ్రీ తప్పు చదివితే జవాబు మూడు జౌళ్ళు మారిపోతుంది కాబట్టి ఈ ఊగిసలాట మామూలే. సగటు 34 తీసుకున్నాం. కాగితం మీది 31కి దగ్గరే, కాస్త ఎక్కువ. చెంచా, ప్రోబ్ ఉన్నాయి కాబట్టి ఎక్కువ ఉండాల్సిందే.

సోమవారం లెక్కలు 34తో సరిచేస్తే సగటు 0.38 దాటింది. కానీ ఊగడం అలాగే ఉంది.

శుక్రవారం

ఈ రోజు ప్రయోగం చెయ్యలేదు. లోహాన్ని మరిగే నీళ్ళలోంచి ఎత్తి, గ్లాసు దాకా తేవడం మాత్రం నాలుగైదుసార్లు నెమ్మదిగా చేసి చూశాం. ఏం జరుగుతోందో అప్పుడు కనబడింది.

పైకి ఎత్తగానే లోహం మీద తడి ఉంటుంది, ఆ తడి నుంచి ఆవిరి పొగలా లేస్తుంది. ఐదారు సెకన్లలో పైభాగం దానంతటదే ఆరిపోతుంది. నీళ్ళు ఆవిరవ్వాలంటే గ్రాముకి సుమారు 2260 జౌళ్ళు కావాలి. అది లోహం దగ్గర్నించే పోతుంది. 0.1 గ్రాము నీళ్ళు ఆవిరైనా 226 జౌళ్ళు. మన మొత్తం ఉష్ణమే నాలుగున్నర వేల జౌళ్ళు, అందులో 5 శాతం గాలిలో కలిసిపోయిందన్నమాట. గ్లాసులోకి చేరేసరికి లోహం 98 దగ్గర లేదు, 95 దగ్గర ఉంది. మేమేమో 98.2 రాసుకున్నాం.

దీనికి విరుద్ధమైన తప్పు కూడా ఉంది. గబగబా తెచ్చేస్తే ఆరకముందే అడుగున వేలాడే బొట్లతో సహా గ్లాసులో పడుతుంది. 0.3 గ్రాముల మరిగే నీళ్ళు పడితే 80 జౌళ్ళ దాకా అదనంగా వస్తాయి. ఆ ఉష్ణం లోహానిది కాదు, మనం మాత్రం లోహం ఖాతాలోనే రాస్తాం. నెమ్మదిగా తెస్తే జవాబు తగ్గుతుంది, గబగబా తెస్తే కొంచెం పెరుగుతుంది. సోమవారం రెండోసారి దారం చిక్కుపడి ఆలస్యమైంది, అప్పుడే 0.342 వచ్చింది. మూడోసారి అమ్మాయి పరుగులాంటి వేగంతో తెచ్చింది, 0.376 వచ్చింది.

ఉత్త గాలికి పోయే వేడి ఇంత ఉండదు. పొడి లోహమైతే పది సెకన్లలో అర డిగ్రీ చల్లబడితే గొప్ప. అసలు దొంగ ఆ తడే. పాఠ్యపుస్తకంలో లోహపు ముక్కల్ని నేరుగా నీళ్ళలో ఉడకబెట్టకుండా, ఆవిరి చుట్టూ తిరిగే పాత్రలో పొడిగా వేడిచెయ్యమని ఎందుకు చెబుతారో నేను డిగ్రీ చదివేటప్పుడు కూడా ఆలోచించలేదు.

శనివారం

ఇడ్లీపాత్రలో నీళ్ళు మరగబెట్టి, అందులో మూతున్న చిన్న స్టీలు డబ్బా పెట్టాం. డబ్బా తేలకుండా మూత మీద ఒక రాయి. లోహం డబ్బా లోపల పొడిగా ఉంటుంది, దారం కొస బయటికి వస్తుంది. మూతకి మేకుతో చేసిన చిల్లులోంచి ప్రోబ్ దించి లోహానికి తగిలేలా ఉంచి, సందులో దూది కూరాం. పొడిగా వేడెక్కడానికి టైము పడుతుంది. పది నిమిషాలకి 88 చూపించింది, ఇరవై ఐదు నిమిషాలకి 97 దగ్గర కదలడం ఆగిపోయింది. 98 దాకా రాదు, రావాల్సిన అవసరమూ లేదు. ఎంతుందో తెలిస్తే చాలు.

ఇంకో మార్పు నీళ్ళలో. గది ఉష్ణోగ్రత ఈ రోజు 29. నీళ్ళు 29 దగ్గర మొదలై 37 దాకా పోతే, ప్రయోగం సాగినంతసేపూ గ్లాసు గదికి వేడి పోగొట్టుకుంటూనే ఉంటుంది. మూత, థర్మాకోల్ ఉన్నా నిమిషానికి 0.1 డిగ్రీ చొప్పున దిగడం సోమవారమే చూశాం. అందుకని కుండలో నీళ్ళు వాడాం, 25 దగ్గర ఉన్నాయి. గదికన్నా నాలుగు డిగ్రీలు కింద మొదలై నాలుగు డిగ్రీలు పైన ఆగుతాయి. మొదటి సగంలో గది నుంచి వచ్చింది రెండో సగంలో గదికి పోతుంది. ఈ ఉపాయం రంఫర్డ్‌ది, ఫిరంగి గొట్టాలు తొలిచేటప్పుడు పుట్టే వేడి మీద ప్రయోగాలు చేసిన ఆయన. పూర్తిగా చెల్లుకు చెల్లు కాదు. నీళ్ళు మొదట్లో గబగబా వేడెక్కి, గదికన్నా పైనున్న స్థితిలోనే ఎక్కువసేపు గడుపుతాయి. అయినా మొత్తం తప్పు బాగా తగ్గుతుంది.

మూడు కొలతలు:

లోహం 97.2, నీళ్ళు 24.8 నుంచి 33.3కి, c = 0.382
లోహం 97.0, నీళ్ళు 24.9 నుంచి 33.5కి, c = 0.389
లోహం 96.8, నీళ్ళు 25.1 నుంచి 33.6కి, c = 0.386

మూడోదాని లెక్క రికార్డు పుస్తకంలో పూర్తిగా రాయించాను. నీళ్ళు 8.5 డిగ్రీలు పెరిగాయి, 120 × 4.18 × 8.5 = 4264 జౌళ్ళు. గ్లాసు, చెంచా, ప్రోబ్ కలిపి 34 × 8.5 = 289 జౌళ్ళు. లోహం విడుదల చేసిన ఉష్ణం ఈ రెండూ కలిపి 4553 జౌళ్ళు. లోహం 96.8 నుంచి 33.6కి, అంటే 63.2 డిగ్రీలు చల్లబడింది. 4553 ÷ (186.4 × 63.2) = 0.386. సగటు కూడా అదే, 0.386.

సోమవారం కొలతల మధ్య తేడా 10 శాతం దాకా ఉండేది, ఇప్పుడు 2 శాతం. గ్లాసుకి కట్టిన 34లో అనుమానం ఉంది, ప్రోబ్ లోహం బయటి ఉష్ణోగ్రతే చూస్తుంది, థర్మామీటరు 0.1 కన్నా నిశితంగా చూపించదు. అన్నీ కలిపి జవాబుకి అటూ ఇటూ 0.01 రాయించాను.

పట్టికలో రాగి 0.385, జింకు 0.388, ఇత్తడి 0.38. అన్నీ మన 0.01 లోపలే ఉన్నాయి! ఇంట్లో ఎంత జాగ్రత్తగా చేసినా వీటిని విశిష్టోష్ణంతో విడదీయలేం. దీనికి కారణం ఉంది. 1819లో డ్యూలాంగ్, పెటిట్ గమనించిందేమిటంటే, చాలా ఘనలోహాలకి విశిష్టోష్ణాన్ని పరమాణు ద్రవ్యరాశితో గుణిస్తే ఇంచుమించు ఒకే సంఖ్య, 25 దరిదాపుల్లో వస్తుంది. 25ని 0.386తో భాగిస్తే 65. రాగిది 63.5, జింకుది 65.4, ఆవర్తన పట్టికలో పక్కపక్క గళ్ళు. పరమాణువులు దాదాపు ఒకే బరువున్నప్పుడు గ్రాముకి పట్టే ఉష్ణమూ దాదాపు ఒకటే అవుతుంది.

"రంగు చూస్తే తెలియట్లేదా, ఇది రాగి ఎలా అవుతుంది" అంది అమ్మాయి. నిజమే. కానీ రాగి ఎక్కువున్నా తెల్లగా కనిపించే మిశ్రమలోహాలు ఉన్నాయి, జర్మన్ సిల్వర్ అలాంటిదే.

మళ్ళీ ఆదివారం

సాంద్రత కొలిస్తే తేలిపోతుంది. త్రాసు మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేసి, లోహాన్ని దారంతో వేలాడదీసి గ్లాసు అడుక్కి, గోడలకి తగలకుండా పూర్తిగా ముంచాం. త్రాసు 26.2 గ్రాములు చూపించింది. అంటే అది పక్కకి నెట్టిన నీళ్ళు 26.2 ఘన సెంటీమీటర్లు. మొదటిసారి 26.6 వచ్చింది కానీ, లోహానికి అంటుకున్న గాలి బుడగలు కనబడ్డాయి. వేలితో తుడిచి మళ్ళీ ముంచాం.

186.4 ÷ 26.2 = 7.11. జింకు సాంద్రత 7.14. రాగి 8.96, జర్మన్ సిల్వర్ కూడా ఎనిమిదిన్నర పైనే.

ఇక్కడ నాకు సరదా అనిపించిన సంగతి ఒకటుంది. తగరం సాంద్రత 7.29. జింకుకీ తగరానికీ తేడా 2 శాతం. మేము సాంద్రత ఒక్కటే కొలిచి ఉంటే, ఆ మొదటి 26.6ని చూశాక, "తగరం కాదు" అని గట్టిగా చెప్పే ధైర్యం వచ్చేది కాదు. అలాగని విశిష్టోష్ణం ఒక్కటే అయితే రాగి కాదని చెప్పలేం. చేతిలో బరువు చూసి తగరం అన్న మామయ్యగారు మరీ తప్పు కాదు, ఆయన చెయ్యి సాంద్రతని బాగానే కొలిచింది. విశిష్టోష్ణం చేతికి తెలియదు, అంతే.

స్వచ్ఛమైన జింకు అని మాత్రం రాయనివ్వలేదు. ఒకటి రెండు శాతం ఇంకేదైనా కలిసి ఉంటే ఈ రెండు కొలతలకీ చిక్కదు. "జింకు, లేదా ఎక్కువ భాగం జింకు" అని రాసింది.

మామయ్యగారికి చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని లెక్కలన్నీ చదివారు. "తగరం కాదా? అయితే మా అన్నయ్య తెచ్చిందే అయ్యుంటుంది. ఇత్తడి పోత పోసేవాడు, రాగిలో కలపడానికి తుత్తునాగం, అదే మీ జింకు, ముద్దలు తెచ్చుకునేవాడు" అన్నారు. తర్వాత బిళ్ళని తీసుకుని, మళ్ళీ చేతిలో ఎగరేసి పట్టుకుని చూసి, ఇనప్పెట్టెలో పెట్టేసుకున్నారు. అమ్మాయి దానిమీద ముందే చిన్న కాగితం అతికించింది: 186.4 గ్రాములు, 0.386.